ఏజెన్సీ ద్వారా పని, జీతం రాలేదు: అసలు యజమాని ఎవరు, బకాయి ఎవరు కట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, బ్యాంకులో హౌస్‌కీపింగ్ చేసే అక్క, ప్రభుత్వ ఆఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటర్, గోదాములో లోడింగ్ చేసే కుర్రాడు. వీళ్ళంతా పనిచేసే చోటు ఒకటి, జీతం వేసేది ఇంకొకరు. జీతం సక్రమంగా పడినంత కాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. ఆగిపోయిన నెలలోనే "మీ ఏజెన్సీని అడగండి" అని కంపెనీ, "కంపెనీ బిల్లు పాస్ చేయలేదు" అని ఏజెన్సీ చెప్పడం మొదలవుతుంది. ఈ రెండు మాటల మధ్య నలిగిపోతున్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

ఏజెన్సీ నన్ను పెట్టుకుంది, పని మాత్రం కంపెనీలో. చట్టం దృష్టిలో నా యజమాని ఎవరు?

మామూలుగా అయితే ఏజెన్సీయే. మీకు అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇచ్చింది, జీతం వేస్తున్నది, పీఎఫ్ కడుతున్నది, తీసేసే అధికారం ఉన్నది ఏజెన్సీకైతే, కాగితం మీద మీ యజమాని ఏజెన్సీ. మీరు పనిచేసే కంపెనీని చట్టం ప్రధాన యజమాని అంటుంది. ప్రిన్సిపల్ ఎంప్లాయర్ అన్నా అదే.

అయితే ఇక్కడ చాలామంది రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తారు. "నేను ఎవరి ఉద్యోగిని?" అనేది ఒక ప్రశ్న. "నా జీతం బకాయి ఎవరు కట్టాలి?" అనేది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు తేలడానికి ఏళ్ళు పట్టవచ్చు. రెండోదానికి జవాబు చట్టంలో సూటిగా ఉంది: ఏజెన్సీ కట్టాలి, అది కట్టకపోతే కంపెనీ కట్టాలి. మీకు కావలసింది ఆగిపోయిన మూడు నెలల జీతమే అయితే మొదటి ప్రశ్న జోలికి పోనక్కరలేదు. "మేం కంపెనీ ఉద్యోగులమే, మమ్మల్ని పర్మనెంట్ చేయాలి" అని జీతం పిటిషన్‌లోనే రాశారంటే, కంపెనీ లాయరు ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం కేసును అటువైపు లాగేస్తాడు.

ఏజెన్సీ ఎగ్గొడితే కంపెనీ కట్టాలని ఎక్కడుంది?

1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉంది. కాంట్రాక్టర్, అంటే ఏజెన్సీ, గడువులోగా జీతం ఇవ్వకపోయినా, తక్కువ ఇచ్చినా, మిగిలింది ప్రధాన యజమాని చెల్లించి, ఆ డబ్బును కాంట్రాక్టర్ బిల్లుల్లోంచి కోసుకోవాలని అందులో 21వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి రావడంతో ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. బాధ్యత మాత్రం పోలేదు. ఈ కోడ్‌లో 55వ సెక్షన్ అదే మాట చెబుతుంది. దానికి తోడు, కాంట్రాక్టర్ లైసెన్సు కోసం కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ నుంచి జీతాలు ఇప్పించమని ప్రభుత్వం ఆదేశించే వీలు కూడా పెట్టింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. కాంట్రాక్టు కార్మికుల గురించిన ఆ భాగం 50 మంది లేదా అంతకంటే ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులు ఉన్నచోటే వర్తిస్తుంది. కేంద్ర చట్టంలో పాత హద్దు 20. చిన్న ఆసుపత్రిలో 18 మంది గార్డులు ఉంటే "ఈ చట్టం మాకు వర్తించదు" అని యాజమాన్యం అనగలదు. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతున్నారు. తగ్గనక్కరలేదు. ఆ నాలుగు కోడ్‌లలో మరొకటైన వేతనాల కోడ్, 2019లో 43వ సెక్షన్ ఉంది. యజమాని జీతం చెల్లించకపోతే, ఆ ఉద్యోగి పనిచేస్తున్న సంస్థకు స్వంతదారైన కంపెనీ గానీ, ఫర్మ్ గానీ, అసోసియేషన్ గానీ, మరే వ్యక్తి గానీ ఆ చెల్లింపుకు బాధ్యులని అది చెబుతుంది. దీనికి కార్మికుల సంఖ్యతో పని లేదు. "అది ఏజెన్సీ స్వంతదారుల గురించి చెప్పిన మాట, మా గురించి కాదు" అని కంపెనీ వాదించవచ్చు. పనిచేసిన చోటు ఆ ఆసుపత్రేనని హాజరు పట్టీ, గేట్ పాస్, డ్యూటీ చార్టు చూపించడమే దానికి సరైన జవాబు. 50 మందికి తక్కువ ఉన్నచోట మీ పిటిషన్‌లో ఈ సెక్షన్ తప్పకుండా ఉండాలి.

"కంపెనీ బిల్లు ఇంకా రాలేదు" అని ఏజెన్సీ అంటోంది. జీతం ఆపడానికి అది కారణం అవుతుందా?

కాదు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా పడాలి. పనిలోంచి తీసేసినా, మీరే మానేసినా రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. కంపెనీ దగ్గర బిల్లు ఎప్పుడు పాసవుతుందన్నది ఆ ఇద్దరి వ్యాపార ఒప్పందం. దాని భారం మీ మీద వేసే హక్కు ఏ కోడ్‌లోనూ లేదు. జీతాలకు సరిపడా చేతిలో డబ్బు లేకుండా మనుషుల్ని సప్లై చేసే కాంట్రాక్టు తీసుకోవడం ఏజెన్సీ చేసిన తప్పు.

"మేం ఏజెన్సీకి పూర్తిగా కట్టేశాం, రసీదు ఉంది" అని కంపెనీ అంటోంది. అప్పుడు?

అప్పుడు కూడా బాధ్యత తప్పదు. కంపెనీ ఏజెన్సీకి కట్టిందా లేదా అన్నది కాదు, మీకు అందిందా లేదా అన్నదే ప్రశ్న. అందకపోతే కంపెనీ మళ్ళీ కట్టి, ఏజెన్సీ నుంచి రాబట్టుకోవాలి. వినడానికి కంపెనీకి అన్యాయంలా ఉంటుంది గానీ, ఈ నిబంధన పెట్టడానికి కారణమే అది. తక్కువ రేటుకు ఎవరు వస్తే వాళ్ళకు కాంట్రాక్టు ఇచ్చింది కంపెనీ. నెల నెలా జీతాలు పడ్డాయో లేదో బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగి, ఆ తర్వాతే బిల్లు పాస్ చేసే అవకాశం ఉన్నది కూడా కంపెనీకే. గార్డుకు ఆ అవకాశం లేదు.

మెలకువగా ఉండే కంపెనీలు పోయిన నెల జీతాల బదిలీ వివరాలు, పీఎఫ్ చలానా చూపిస్తేనే ఈ నెల బిల్లు విడుదల చేస్తాయి. మీ కంపెనీ అలా చేయడం లేదని తెలిస్తే ముందే జాగ్రత్తపడండి.

ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా ఎలా నడుస్తుందో లెక్కతో సహా చెప్పగలరా?

విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి అనుకుందాం. ఊరు తప్ప మిగతా వివరాలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. ఏజెన్సీ ద్వారా 18 మంది గార్డులు. నెలకు 26 డ్యూటీలు, జీతం ₹13,000. జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతాలు పడలేదు. ఏప్రిల్ 7 దాటింది. ఏజెన్సీ ఫోన్ ఎత్తడం లేదు. సూపర్‌వైజర్ కూడా మానేశాడు.

ఒక్కో గార్డుకు మూల బకాయి ₹39,000. కానీ వీళ్ళు చేస్తున్నది 12 గంటల డ్యూటీ. ₹13,000ను 26తో భాగిస్తే రోజుకు ₹500, ఎనిమిది గంటలకు లెక్కేస్తే గంటకు ₹62.50. అదనపు గంటకు రెట్టింపు చెల్లించాలి కాబట్టి గంటకు ₹125. రోజూ నాలుగు గంటలు ఎక్కువ చేస్తే మరో ₹500. అంటే 12 గంటల డ్యూటీకి ఓటీయే నెలకు ఇంకో ₹13,000 అవుతుంది! మధ్యలో విరామం ఇస్తే ఆ మేరకు తగ్గుతుంది. "₹13,000 అంటే 12 గంటలకే మాట్లాడుకున్నాం" అని ఏజెన్సీ వాదిస్తుంది. ఆ వాదన ఎంతవరకు నిలబడుతుందన్నది మీ ఆర్డర్‌లో ఏం రాసి ఉంది, మీ కేటగిరీకి కనీస వేతనం ఎంత అన్నవాటి మీద ఆధారపడుతుంది. కాబట్టి పిటిషన్‌లో మూల జీతం, ఓటీ రెండు వేర్వేరు వరుసల్లో రాయాలి. ఓటీ మీద గొడవ నడుస్తున్నా మూల జీతం ఆగకూడదు.

జీతం క్లెయిమ్ చేసేటప్పుడు చేతికి వచ్చే మొత్తం కాదు, కోతలకు ముందు ఉన్న ₹13,000 రాయాలి. చాలామంది బ్యాంకులో పడే అంకె రాసి నష్టపోతారు.

ఇక చేయవలసిన పని. ఏప్రిల్ రెండో వారంలోనే గార్డులంతా కలిసి ఆసుపత్రి యాజమాన్యానికి ఒక ఉత్తరం ఇవ్వాలి. ఒక కాపీ మీద తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోవాలి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఉత్తరం ఇంత ఉంటే చాలు:

"అయ్యా, మేము ఫలానా ఏజెన్సీ ద్వారా మీ ఆసుపత్రిలో గార్డులుగా పనిచేస్తున్నాము. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల జీతం మాకు అందలేదు. మా పేర్లు, డ్యూటీలు, రావలసిన మొత్తం జత చేశాము. ప్రధాన యజమానిగా ఈ బకాయి చెల్లించవలసిన బాధ్యత మీకు ఉంది. ఏజెన్సీకి ఇవ్వవలసిన బిల్లుల నుంచి, ఏజెన్సీ మీ దగ్గర ఉంచిన సెక్యూరిటీ డిపాజిట్ నుంచి ఆ మొత్తం నిలిపి మాకు చెల్లించవలసిందిగా కోరుతున్నాము."

ఆ చివరి వాక్యమే అన్నిటికంటే ముఖ్యం. ఆసుపత్రి దగ్గర ఏజెన్సీకి ఇవ్వవలసిన డబ్బు ఇంకా ఉన్నప్పుడు ఈ ఉత్తరం చేరితే, వాళ్ళ అకౌంట్స్ విభాగం బిల్లు ఆపేస్తుంది. ఎందుకంటే ఉత్తరం అందిన తర్వాత కూడా కడితే రెండుసార్లు కట్టవలసి వస్తుందని వాళ్ళకు తెలుసు. ఇదే ఉత్తరం ఏజెన్సీ చివరి బిల్లు తీసుకుని వెళ్ళిపోయాక ఇస్తే, హక్కు అలాగే ఉంటుంది గానీ డబ్బు రాబట్టడం కష్టమవుతుంది. "ఇంకో నెల చూద్దాం" అనుకోవడం వల్ల జరిగే నష్టం ఇదే.

రెండు వారాల్లో కదలిక లేకపోతే కార్మిక శాఖకు వెళ్ళాలి. 18 మందీ 18 పిటిషన్లు వేయనక్కరలేదు, అందరి తరఫున ఒకటే వేయవచ్చు. యూనియన్ ఉంటే యూనియన్ కూడా వేయవచ్చు. ఎదుటి పార్టీలుగా ఏజెన్సీని, ఆసుపత్రిని ఇద్దరినీ చేర్చాలి. ఏజెన్సీ ఒక్కదాన్నే చేర్చి ఆర్డరు తెచ్చుకుంటే, తీరా ఏజెన్సీ ఆఫీసుకు తాళం ఉంటే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

ఏ ఆఫీసుకు వెళ్ళాలి? ఎంత గడువు ఉంటుంది?

ప్రైవేటు ఆసుపత్రి, ఫ్యాక్టరీ, మాల్, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయం అయితే రాష్ట్ర కార్మిక శాఖ. ముందు మీ ప్రాంతంలోని సహాయ కార్మిక అధికారి ఆఫీసుకు వెళ్తే క్లెయిమ్ వినే అధికారి ఎవరో చెబుతారు. రైల్వే, బ్యాంకులు, గనులు, విశాఖ స్టీల్ ప్లాంట్ లాంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలైతే కేంద్ర కార్మిక కమిషనర్ కిందివాళ్ళు చూస్తారు. ఈ తేడా తెలియక తప్పు ఆఫీసులో పిటిషన్ ఇచ్చి నెలలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

వేతనాల కోడ్ కింద క్లెయిమ్ వేయడానికి మూడేళ్ళ గడువు ఉంది. అధికారి మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో వాయిదాలు పడతాయి, అది ముందే తెలుసుకుని వెళ్ళండి. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది. అది గరిష్ఠ హద్దు మాత్రమే, వచ్చి తీరుతుందని కాదు. ఆర్డరు వచ్చాక కూడా కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా కలెక్టర్ ద్వారా వసూలు చేయించవచ్చు.

2025 నవంబర్ 21కి ముందు నెలల బకాయి అయితే పాత చట్టాల లెక్కే వేయవచ్చు. వాటిలో గడువులు చాలా తక్కువ. వేతనాల చెల్లింపు చట్టం కింద 12 నెలలు, కనీస వేతనాల చట్టం కింద ఆరు నెలలు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు ఉంది. అలాంటి బకాయి ఉంటే ఇవాళే కదలండి.

నా దగ్గర అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు, పే స్లిప్ లేదు. కేసు నిలబడుతుందా?

నిలబడుతుంది. జీతం ఇచ్చామని రుజువు చేసుకోవలసింది యజమానే అని వేతనాల కోడ్ చెబుతోంది. మీరు చూపవలసింది అక్కడ పనిచేశారన్న సంగతి. దానికి చిన్న చిన్న కాగితాలే సరిపోతాయి. ఇంతకు ముందు జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్ పేజీ, అందులో ఏజెన్సీ పేరు. డ్యూటీ చార్టు ఫోటో. "రేపు నైట్ షిఫ్ట్ నువ్వే" అని సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్. ఐడీ కార్డు. గేటు రిజిస్టరులో మీ సంతకం ఉన్న పేజీ. బకాయి మొదలైన రోజు నుంచి రోజూ డ్యూటీలోకి వెళ్ళినప్పుడు, దిగినప్పుడు ఒక నోటుబుక్కులో టైమ్ రాసుకోండి. నెల తర్వాత గుర్తు చేసుకుని రాసినదానికంటే రోజూ రాసిన పుస్తకానికి అధికారి ముందు విలువ ఎక్కువ.

"లెక్క సెటిల్ అయింది, నాకు రావలసింది ఏమీ లేదు" అని సంతకం పెట్టించుకున్నారు.

హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదని వేతనాల కోడ్‌లోనే ఉంది. సగం డబ్బు చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద సంతకం తీసుకునే పద్ధతి చాలాచోట్ల నడుస్తోంది. సంతకం పెట్టక తప్పని పరిస్థితి అయితే, అందిన మొత్తం ఎంతో సంతకం పక్కనే అంకెల్లో రాయండి. పెట్టేశాక కూడా ఆ రోజే ఫోన్లో ఒక మెసేజ్ పంపండి: "ఇవాళ ₹20,000 మాత్రమే అందింది, మిగతా ₹19,000 రావాలి" అని.

జీతంలో పీఎఫ్ కోశారు, పాస్‌బుక్‌లో పడలేదు. దీనికి ఎవరు బాధ్యులు?

పైన చెప్పిన గార్డు జీతమే తీసుకుంటే, ₹13,000 మీద 12 శాతం అంటే ₹1,560 అతని వాటా, అంతే మొత్తం యజమాని వాటా. నెలకు ₹3,120 అతని పేరు మీద పీఎఫ్ ఆఫీసుకు జమ కావాలి. ఏజెన్సీ కట్టకపోతే ప్రధాన యజమానిని బాధ్యుణ్ణి చేసే నిబంధన పీఎఫ్ పథకంలో కూడా ఉంది. ఈఎస్ఐలోనూ అంతే. ఇది కార్మిక శాఖలో తేలే విషయం కాదు. పీఎఫ్ ఆఫీసుకు, లేదా EPFiGMS పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి, అక్కడ కూడా కంపెనీ పేరు రాయాలి. జీతంలోంచి కోసుకుని కట్టకపోవడం క్రిమినల్ నేరం కూడా. ఏజెన్సీ మూతపడబోతోందో లేదో ముందుగా తెలిసేది ఇక్కడే. జీతాలు ఆగడానికి ముందు పీఎఫ్ ఆగుతుంది. రెండు నెలలకోసారైనా యూఏఎన్ పాస్‌బుక్ చూసుకోండి.

ఏజెన్సీ మారింది, మనుషులం మాత్రం అక్కడే ఉన్నాం. పాత బకాయి కొత్త ఏజెన్సీ ఇస్తుందా?

మామూలుగా ఇవ్వదు, ఇవ్వాలన్న రూలూ లేదు. పాత బకాయి పాత ఏజెన్సీది, దాని వెనక కంపెనీది. కొత్త ఏజెన్సీ చేరే కాగితాల్లో "పాత బకాయిలు లేవు" అన్న లైను ఉందేమో చూసి సంతకం పెట్టండి. ఏజెన్సీ మారే నెలే చాలా కీలకం. పాత ఏజెన్సీ చివరి బిల్లు, డిపాజిట్ కంపెనీ చేతిలో ఉండేది అప్పుడే.

ప్రభుత్వ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్నాను. బడ్జెట్ రాలేదంటున్నారు.

పనిచేయించుకునే ప్రభుత్వ శాఖ కూడా ప్రధాన యజమానే. బడ్జెట్ విడుదల కాలేదన్నది జీతం ఎగ్గొట్టడానికి కారణం కాదు. ప్రైవేటు ఏజెన్సీలు జీతంలో కోత పెడుతున్నాయన్న ఫిర్యాదుల నేపథ్యంలోనే ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ వచ్చింది, అది 2020లో పని మొదలుపెట్టింది. దాని ద్వారా చేరినవాళ్ళకు మధ్యలో ఉన్నది ప్రైవేటు కాంట్రాక్టర్ కాదు గానీ, శాఖకు, కార్పొరేషన్‌కు మధ్య ఫైలు ఆగితే వాళ్ళూ రెండు చోట్లకూ రాతపూర్వకంగా అడగాలి.

నేను ఐటీ కంపెనీలో కాంట్రాక్టు మీద ఉన్నాను. నాకూ ఇదేనా?

కొంత తేడా ఉంది. స్టాఫింగ్ కంపెనీ మిమ్మల్ని తన పర్మనెంట్ ఉద్యోగిగా పెట్టుకుని, ఏటా ఇంక్రిమెంట్, పీఎఫ్ లాంటివి ఇస్తూ క్లయింటు దగ్గరకు పంపుతుంటే, కొత్త కోడ్ మిమ్మల్ని కాంట్రాక్టు కార్మికుడిగా లెక్కించదు. అప్పుడు క్లయింటు మీదకు వెళ్ళే దారి బలహీనపడుతుంది, స్టాఫింగ్ కంపెనీయే పూర్తి యజమాని. అయితే జీతం క్లెయిమ్ వేయడానికి మాత్రం ఇప్పుడు జీతం హద్దు లేదు. పాత వేతనాల చట్టం నెలకు ₹24,000 దాటినవాళ్ళను వదిలేసింది. వేతనాల కోడ్ ఆ గీత తీసేసింది.

మా సూపర్‌వైజర్లంతా కంపెనీవాళ్ళే, పదేళ్ళుగా ఇక్కడే ఉన్నాం. మేం కంపెనీ ఉద్యోగులమని అనిపించుకోలేమా?

అనిపించుకోవచ్చు, కానీ అది వేరే కేసు, చాలా పొడుగైన కేసు. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన కార్మికులు దానంతటదే కంపెనీ ఉద్యోగులైపోరు. కానీ కాంట్రాక్టు ఉత్త ముసుగు అని పారిశ్రామిక ట్రిబ్యునల్ ముందు రుజువైతే, వాళ్ళు మొదటి నుంచి కంపెనీ ఉద్యోగులే. ముసుగు అవునా కాదా అన్నది ఎలా చూస్తారో 2014లో ఎయిర్ ఇండియా క్యాంటీన్ కార్మికుల కేసులో వివరంగా వచ్చింది: ఎవరు నియమించారు, జీతం ఎవరిస్తారు, తీసేసేది ఎవరు, క్రమశిక్షణ చర్య ఎవరు తీసుకుంటారు, పని ఎంతకాలంగా నడుస్తోంది, అదుపు ఎంతమేరకు ఎవరిది.

కంపెనీ సూపర్‌వైజర్ "అక్కడ నిలబడు, ఇది ఎత్తు" అని చెప్పినంత మాత్రాన సరిపోదని కోర్టులు పదేపదే చెప్పాయి. ఎవరిని ఏ సైటుకు పంపాలో, ఎవరిని తీసేయాలో నిర్ణయించేది ఏజెన్సీయే అయితే అసలు అదుపు ఏజెన్సీదేనని లెక్క. అదే సెలవు కంపెనీ హెచ్ఆర్ మంజూరు చేస్తుంటే, మెమో కంపెనీ లెటర్‌హెడ్ మీద వస్తుంటే, ఏజెన్సీలు నాలుగు మారినా మనుషులు మారకపోతే మీ వాదనకు బలం ఉంది. అలాంటి కాగితాలు ఇప్పటి నుంచే ఫోటోలు తీసి దాచండి. ఈ కేసు రాజీ అధికారి దగ్గర మొదలై ట్రిబ్యునల్‌కు, తర్వాత హైకోర్టుకు వెళ్తుంది. యూనియన్ తోడు లేకుండా ఒక్కరే దిగితే తట్టుకోవడం కష్టం. జీతం క్లెయిమ్ దీనితో ముడిపెట్టకుండా ముందు వేయండి.

ఫిర్యాదు చేస్తే పనిలోంచి తీసేస్తారేమో?

ఆ భయం నిజమైనదే, తీసేసినవాళ్ళూ ఉన్నారు. అందుకే ఒక్కరి పేరుతో కాకుండా అందరి పేర్లతో ఒకే ఉత్తరం ఇవ్వమనేది. ఒక్కరిని పక్కన పెట్టడం తేలిక, రాత్రి డ్యూటీకి 18 మందినీ ఒకేసారి మార్చడం ఏ ఆసుపత్రికీ తేలిక కాదు. ఒకవేళ గేటు దగ్గరే ఆపేస్తే గొడవ పెట్టుకోకుండా, "డ్యూటీకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని తేదీ, టైమ్ వేసి ఆ గంటలోనే యాజమాన్యానికి, కార్మిక శాఖకు మెసేజ్ లేదా మెయిల్ పంపండి. లేకపోతే "వాళ్ళే మానేశారు" అని రిజిస్టరులో రాసేస్తారు.